పేజీకి ఇరవై

బాబాయి పోయాక ఆయన కథల పుస్తకాన్ని మళ్ళీ వేయిద్దామనుకున్నాం. 2009లో వేసింది, డెమ్మీ సైజులో 160 పేజీలు. అప్పట్లో డీటీపీ చేసినావిడ చిక్కడపల్లిలో ఇంకా పనిచేస్తున్నారు. పేజ్‌మేకర్ ఫైళ్ళు సీడీలో దాచిపెట్టారు కూడా.

"కొత్తగా కొడితే పేజీకి 40. ఉన్న ఫైలుని యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫు దిద్దిస్తే 20," అన్నారావిడ. అంటే 3200. కన్వర్టర్‌లో పేస్ట్ చేసే పనికి ఇంతా అనిపించింది. నేనే చేసుకుంటానని, ఫైలు మాత్రం తెచ్చుకున్నాను. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా!

అను ఫాంట్లలో కొట్టిన ఫైలులో నిజానికి తెలుగు ఉండదు. కంప్యూటర్ దృష్టిలో అవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. వాటికి తెలుగు బొమ్మలు తొడిగేది ఫాంటు. కన్వర్టర్ ఏ గుర్తుకి ఏ అక్షరమో పట్టిక చూసి మారుస్తుంది. పది నిమిషాల్లో పుస్తకమంతా మారింది. మొదటి పేజీ చూసి మురిసిపోయాను.

మూడో కథలో హీరో చదివిన డిగ్రీ దగ్గర అర్థంలేని తెలుగు కనిపించింది. అక్కడ అసలు ఉన్నది ఇంగ్లిష్ మాట. నేను టెక్స్ట్‌ని కాపీ చేసినప్పుడే ఫాంటు వివరం పోయింది కాబట్టి, కన్వర్టర్ దాన్నీ అను అనుకుంది. ఫైలుని ఆర్‌టీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫాంటు పేరు వెంట వస్తుంది, ఇంగ్లిష్ ముక్కల్ని వదిలేయొచ్చు. అలా మొదటికొచ్చాను.

రెండోది ఇంకా మొండిది. "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అయింది. పాత ఫాంటులో పొల్లు వేరు, వత్తు వేరు. యూనికోడ్‌లో రెంటికీ అదే గుర్తు, పొల్లుని విడిగా నిలపాలంటే దాని తర్వాత కంటికి కనిపించని U+200C పెట్టాలి. నా కన్వర్టర్ పెట్టలేదు. మార్చేశాక ఏది పొల్లో ఏది వత్తో యంత్రానికి తెలిసే దారి లేదు, మార్చేటప్పుడే పట్టుకోవాలి. దానికో స్క్రిప్టు రాశాను. ఇక పంక్తి చివర పట్టక చేత్తో పెట్టిన హైఫన్లు పేజీ మారగానే మాటల మధ్యలో తేలాయి. "అమ్మ-మ్మ" లాంటివి. అన్నీ తీసేద్దామంటే "నాలుగు-ఐదు" కూడా అతుక్కుపోతుంది. అవి మాత్రం ఒక్కొక్కటీ చూడాల్సిందే.

మూడు వారాల రాత్రులు పోయాయి. చివరికి ఫైలు పట్టుకుని ఆవిడ దగ్గరికే వెళ్ళాను. పాత పుస్తకం పక్కన పెట్టుకుని స్కేలు జరుపుతూ చదివారు. మొదటి పేజీలోనే ఆగి, "మీ బాబాయిగారు 'వొచ్చాడు' అనే రాసేవారండీ. 'వచ్చాడు' చేశారేంటి?" అన్నారు.

అది కన్వర్టర్ తప్పు కాదు. తప్పులు దిద్దుతూ నేనే మార్చాను.

ఆ మాట ఎక్కడెక్కడ మార్చానో నా దగ్గర లెక్క లేదు. పేజీకి 20 చొప్పున 3200 ఇచ్చి వచ్చాను. ఈసారి మాత్రం పీడీఎఫ్‌తో పాటు ఓపెన్ ఫైలూ, ఫాంట్లూ, విడిగా యూనికోడ్ టెక్స్టూ కావాలని ముందే చెప్పాను. "అందరూ పీడీఎఫ్ చాలంటారండీ," అన్నారావిడ, బిల్లు మీద ఆ మూడూ రాస్తూ.