మైక్రోగ్రాము మిల్లీగ్రాము కాకూడదు: ఆరోగ్య ప్రసంగాల స్లయిడ్లు, ఫాంట్లు



ఆరోగ్య విషయాలు రాసే చోట కంప్యూటరు ఫాంట్ల ప్రస్తావన ఏమిటని మీకు అనిపించవచ్చు. మా ఖాజాగూడలోనూ, పక్కనున్న గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాలలోనూ ఆదివారాలలో అపార్టుమెంటు సంఘాల వారు వైద్యుల చేత ప్రసంగాలు చేయిస్తుంటారు. వైద్యులు తమ ఇంటి కంప్యూటరులో పవర్‌పాయింట్ స్లయిడ్లు తయారుచేసి, పెన్ డ్రైవులో తెచ్చి, సమావేశ మందిరంలోని ల్యాప్‌టాప్‌లో తెరుస్తారు. ఇంట్లో చక్కగా కనిపించినవి అక్కడ వేరుగా కనిపిస్తాయి. మామూలు ప్రసంగమైతే అది అందానికి సంబంధించిన లోపం మాత్రమే. మందుల మోతాదులున్న స్లయిడ్లలో అయితే అర్థమే మారిపోవచ్చు.

ఇటీవల అటువంటిదే ఒకటి నా కళ్ళ ముందు జరిగింది. థైరాయిడ్ గురించి మాట్లాడడానికి ఒక యువ వైద్యురాలు వచ్చారు. ఆమె తెలుగు స్లయిడ్లను Mandali అనే ఫాంటులో రాసుకున్నారు. మందిరంలోని ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంటు లేదు. తెలుగు కనిపించింది గాని, వరుసలు పొడవై, “డాక్టరును అడగకుండా మాత్ర మానవద్దు” అన్న చివరి వాక్యం తెర అంచు కిందికి జారిపోయింది. సాయం చేయడానికి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ స్లయిడులోని అక్షరాలన్నీ ఒక్కసారిగా ఎంచుకుని, ఫాంటును Nirmala UI గా మార్చి, పరిమాణం తగ్గించాడు. చివరి వాక్యం తిరిగి పైకి వచ్చింది. అందరికీ తృప్తిగానే ఉంది. ఆమె మాత్రం ఒక్కసారి తెర వైపు తేరిపార చూసి, “సార్, నేను లీవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములని రాశాను. ఇక్కడ 50 mg అని ఉందేమిటి?” అన్నారు.

ప్రసంగం ఇంకా మొదలుకాలేదు కనుక సరిదిద్దుకున్నారు. 50 మిల్లీగ్రాములంటే 50 మైక్రోగ్రాముల మాత్రలు వెయ్యి. అన్ని మాత్రలు ఎవరూ మింగరు, నిజమే. కాని ఆ తెరను ఫోనులో ఫొటో తీసుకున్న గృహిణి, ఇంటికి వెళ్ళి తన మాత్రల అట్ట మీద 50 mcg అని చూసి, తనకు తక్కువ మోతాదు ఇస్తున్నారని అనుమానించడానికి అది చాలు.

ఇది ఎలా జరిగిందో చూద్దాం. వైద్యుడు రాసిచ్చిన చీటీలో మందు పేరు ఉంటుంది గాని మందు ఉండదు. పవర్‌పాయింట్ ఫైలు కూడా అలాంటిదే. అందులో మీరు రాసిన అక్షరాలు, వాటికి ఎంచుకున్న ఫాంటు పేరు ఉంటాయి. అక్షరాల ఆకారాలు ఉండవు. ఆకారాలను ఏ కంప్యూటరుకు ఆ కంప్యూటరు తన దగ్గరున్న ఫాంటు నుంచి తెచ్చుకుంటుంది. అడిగిన ఫాంటు లేకపోతే ఉన్నదానిలో ఒకటి వాడుతుంది, ఆ సంగతి మీకు చెప్పదు. విండోస్ పాత రూపాలలో తెలుగుకు Gautami ఉండేది, కొత్త వాటిలో Nirmala UI ఉంటుంది. మాక్ కంప్యూటర్లలో Kohinoor Telugu, ఆండ్రాయిడ్ ఫోన్లలో Noto Sans Telugu ఉంటాయి. అక్షరాల వెడల్పు, ఒత్తుల కోసం వరుసల మధ్య విడిచే ఎడం ఫాంటుకు ఫాంటుకు తేడాగా ఉంటాయి. అందుకే ఒకచోట ఎనిమిది వరుసలలో సరిపోయినది మరొకచోట తొమ్మిది వరుసలవుతుంది.

ఇక మైక్రోగ్రాము సంగతి. µ అన్న గుర్తును ఆమె పాత అలవాటు ప్రకారం మామూలు m అక్షరం కొట్టి, దాని ఒక్కదానికి ఫాంటును Symbol గా మార్చి రాశారు. ఆ ఫాంటులో m స్థానంలో గీసి ఉన్న బొమ్మ µ. అంటే ఫైలులో నిజంగా ఉన్నది m. కంటికి µ గా కనిపించడం కేవలం ఫాంటు తొడిగిన వేషం. అక్షరాలన్నీ ఎంచుకుని ఫాంటు మార్చగానే వేషం తొలగి, లోపలి m బయటపడింది. Symbol ఫాంటు విండోస్‌లోనూ మాక్‌లోనూ ఉంటుంది కనుక చాలాకాలం ఈ లోపం బయటపడదు. ఫాంటు మార్చినప్పుడు, ఆ వాక్యాన్ని వాట్సాప్‌లోకి అతికించినప్పుడు, ఆ ఫాంటు లేని ఫోనులో తెరిచినప్పుడు బయటపడుతుంది. ఇదే పద్ధతిలో రాసిన ≥ గుర్తు ³ గానో ఖాళీ పెట్టెగానో, ≤ గుర్తు £ గానో మారుతుంది. రక్తపోటు “≥ 140/90” అన్నది “³140/90” అయితే చదివేవారికి ఏమీ అర్థం కాదు. కాని అది తప్పని అయినా తెలుస్తుంది. µ స్థానంలో వచ్చే m మాత్రం సరైనదానిలాగే కనిపిస్తుంది. అందుకే అది ఎక్కువ ప్రమాదకరం.

దీనికి నివారణ సులభం. మోతాదులలో µg రాయవద్దు. తెలుగులో “మైక్రోగ్రాములు” అని పూర్తిగా రాయండి, లేదా మాత్రల అట్ట మీద ఉన్నట్లే mcg అని రాయండి. మందుల భద్రతపై పనిచేసే అమెరికా సంస్థ ఐఎస్‌ఎంపీ కూడా, చేతిరాతలో µg ను mg గా పొరబడతారన్న కారణంతో, mcg నే వాడమంటుంది. ≥ వంటి గుర్తులు కావలసినప్పుడు Insert > Symbol తెరిచి, పైన Font అన్నచోట (normal text) ఎంచుకుని, అందులోంచి తీసుకోండి. అప్పుడు ఫైలులో నిలిచేది అసలు గుర్తే. లేదా “140 గాని అంతకు మించి గాని” అని రాస్తే వినేవారికి ఇంకా మేలు.

పాత స్లయిడ్లలో ఇలాంటివి దాగి ఉన్నాయేమో తెలుసుకోవాలంటే Home > Replace > Replace Fonts తెరవండి. ఆ ఫైలులో వాడిన ఫాంట్ల జాబితా కనిపిస్తుంది. అందులో Symbol గాని Wingdings గాని ఉంటే స్లయిడ్లను ఒక్కొక్కటిగా పరిశీలించండి. అక్కడే ఫాంటు మార్చేస్తే సరిపోతుందని అనుకోవద్దు. పైన చెప్పిన ప్రమాదం జరిగేది సరిగ్గా అలాగే.

అను ఫాంట్లతో తయారైన పాత స్లయిడ్లున్న వారికి మరొక సంగతి. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలలో అమర్చుకున్నవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగే ఉండదు, అర్థంలేని రోమను అక్షరాలు కనిపిస్తాయి. అక్కడ మరో తెలుగు ఫాంటు ఎంచుకున్నా లాభం లేదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒత్తులు, అంకెలు అక్షరం అక్షరం సరిచూసుకోవడమే శాశ్వత పరిష్కారం.

ఇప్పుడు ఫాంటును ఫైలులోనే పొదగడం ఎలాగో చెబుతాను. విండోస్ పవర్‌పాయింట్‌లో File > Options > Save కు వెళ్ళండి. అట్టడుగున Embed fonts in the file అని ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే రెండు ఎంపికలు వస్తాయి. మొదటిది వాడిన అక్షరాలను మాత్రమే పొదుగుతుంది. రెండవది, Embed all characters, మొత్తం ఫాంటును పొదుగుతుంది. రెండవదే ఎంచుకోండి. ఫైలు బరువు కొంత పెరుగుతుంది గాని, మందిరంలో చివరి నిమిషంలో ఒక మాట మార్చవలసి వచ్చినా అక్షరాలు దొరుకుతాయి. తరువాత ఫైలును మళ్ళీ సేవ్ చేయాలి. మాక్‌లో ఇదే సదుపాయం Preferences లోని Save కింద ఉంటుంది. 2019 నాటిది, ఆ తరువాతివి అయిన పవర్‌పాయింట్లలోనే అది దొరుకుతుంది.

ప్రతి ఫాంటూ పొదగడానికి వీలివ్వదు. ఫాంటు తయారుచేసినవారు అనుమతి ఏ మేరకో అందులోనే నమోదు చేస్తారు. అనుమతి లేకపోతే సేవ్ చేసేటప్పుడే కొన్ని ఫాంట్లు ఫైలుతో చేరవని హెచ్చరిక వస్తుంది. దాన్ని చదవకుండా OK నొక్కవద్దు. చూడడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫాంటయితే, అవతలి కంప్యూటరులో ఫైలు చదవడానికే తెరుచుకుంటుంది, మార్పులు చేయనివ్వదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే Mandali, Ramabhadra, NTR వంటి తెలుగు ఫాంట్లకు ఈ చిక్కు లేదు. వాటి లైసెన్సు పొదగడాన్ని అనుమతిస్తుంది.

పొదిగినా పూర్తి భరోసా లేదు. ఫోనులోని యాప్‌లు, ఇతర కంపెనీల స్లయిడ్ల సాఫ్ట్‌వేర్ ఆ పొదిగిన ఫాంటును పట్టించుకోకపోవచ్చు. కాబట్టి మోతాదులున్న ఏ ప్రసంగానికైనా పీడీఎఫ్ ప్రతి ఒకటి తప్పక వెంట ఉండాలి. File > Export > Create PDF/XPS ద్వారా అది తయారవుతుంది. పీడీఎఫ్‌లో అక్షరాల ఆకారాలు పేజీతో పాటే ప్రయాణిస్తాయి, వరుసలు కదలవు. తయారైన ప్రతిని అడోబీ రీడరులో తెరిచి Ctrl+D నొక్కి, Fonts అన్న చోట చూడండి. ప్రతి ఫాంటు పేరు పక్కన Embedded Subset అని గాని Embedded అని గాని ఉండాలి. అది లేని పేరు కనిపిస్తే ఆ ఫాంటును మార్చి మళ్ళీ ఎగుమతి చేయండి. ప్రసంగ సమయంలో Ctrl+L నొక్కితే తెర నిండా కనిపిస్తుంది.

పీడీఎఫ్‌కు ఉన్న పరిమితి ఒకటుంది. అందులో కదలికలు, వీడియోలు ఉండవు. ప్రశ్న మాయమై అదే చోట జవాబు వచ్చేలా చేసిన స్లయిడులో రెండూ ఒకదానిమీద ఒకటి పడి చదవరాకుండా అవుతాయి. అటువంటి దాన్ని ముందుగానే రెండు స్లయిడ్లుగా విడదీసుకోండి.

చివరగా సరిచూసుకునే పద్ధతి. తయారుచేసిన కంప్యూటరులోనే మళ్ళీ తెరిచి చూడడం వల్ల ప్రయోజనం లేదు. అక్కడ ఫాంటు ముందునుంచే ఉంది కనుక అన్నీ బాగానే కనిపిస్తాయి. పవర్‌పాయింట్ ఫైలును ఆ ఫాంటు లేని మరొకరి కంప్యూటరులో, పీడీఎఫ్‌ను మీ ఫోనులో తెరవండి. మొదట మోతాదులున్న స్లయిడ్లు, వాటిలో అంకె పక్కనున్న ప్రమాణం, ఆపై ప్రతి స్లయిడులో ఆఖరి వరుస చూడండి. ఈ మూడూ చేతిలోని మాత్రల అట్టతోనూ, మీరు కాగితం మీద రాసుకున్న ప్రతితోనూ సరిపోలితే ఆ ఫైలును నిశ్చింతగా తీసుకువెళ్ళవచ్చు. మందిరంలో ఎవరైనా అక్షరాలు సర్దిపెడతామని ముందుకు వస్తే, వారికి ధన్యవాదాలు చెప్పి పీడీఎఫ్ తెరవండి.