చెప్పులు కొరికే కుక్కపిల్లతో

సీతంపేట కొండల్లో మా ఊళ్లో కుక్క లేని ఇల్లు తక్కువ. పోడులో అడవిపంది వస్తే మొదట మొరిగేది అదే కదా. మా పిల్లకి ఇప్పుడు నాలుగున్నర నెలలు. మొన్న గుమ్మం దగ్గర బియ్యపుగింజంత పన్ను దొరికింది, కొరికిన చెప్పు మీద కాస్త రక్తం. కంగారు పడక్కర్లేదు. నాలుగో నెల చుట్టూ 28 పాలపళ్లు ఊడటం మొదలై, ఆరేడు నెలలకి 42 గట్టిపళ్లు వచ్చేస్తాయి. అందాకా చిగుళ్లు సలుపుతాయి, ఏదో ఒకటి కొరకాల్సిందే.

మేము పాత తువ్వాలు గట్టిగా ముడేసి, తడిపి, నీళ్లకుండ పక్కన చల్లబరిచి ఇస్తన్నాం. పీలికలు ఊడితే మింగేస్తుంది, అప్పుడు మార్చేస్తాం. చెప్పు ఎత్తుకుపోతే వెంటపడం, పరిగెడితే దానికి ఆటే. తువ్వాలు ముక్కు దగ్గర ఆడిస్తాం, చెప్పు వదలగానే అది నోటికి అందిస్తాం. మంచం కోడు కొరికినా అంతే. పగలు నులక మంచం ఎత్తి గోడకి నిలబెడతన్నాం. పాత చెప్పే కదా అని ఆడుకోడానికి ఇవ్వం. హాస్టల్‌కి వేసుకెళ్లే కొత్త జోడుకీ దానికీ తేడా కుక్కకేటి తెలుస్తుంది?

చెప్పు పోతే పోయింది గానీ, అసలు భయం మొక్కజొన్న కండెతోనే. గింజలు ఒలిచాక అందరం కుక్కకే విసురుతాం. ఆ ముక్క అరగదు, పేగులో అడ్డం పడుతుంది. మళ్లీ మళ్లీ కక్కుతూ, తిండి మానేసి, దొడ్డికి వెళ్లకపోతే ఆ రోజే పశువుల డాక్టరుకి చూపించాలి. కడుపు కోసి తీయాల్సి రావచ్చు, అది ప్రతి ఊళ్లో అయ్యే పని కాదు. ఉడికిన కోడి ఎముకలూ పేళ్లుగా చీలి గుచ్చుకుంటాయి, అవీ పెట్టం. పొత్తులు కాల్చుకున్న రాత్రి కండెలు లెక్కపెట్టి పొయ్యిలో వేసేస్తన్నాం.