ఇరవై ఒకటో మనిషి



పోయిన ఆదివారం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ముట్టు సెలవు గురించి రెండు గంటలు కొట్లాడుకున్నాం. సెలవిస్తే ఆడవాళ్లను పనిలోకే తీసుకోరని ఒక తమ్ముడన్నాడు. 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పిన భయం కూడా అదే. ఒక చెల్లె మాత్రం, ఇన్నేళ్లు మైల అని బయట కూర్చోబెట్టారు, ఇప్పుడు సెలవు పేరుతో మళ్లీ కూర్చోబెడతారా అని అడిగింది. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమెను ఎవరూ బయట కూర్చోబెట్టలేదు. ముట్టు రోజున కూడా నాటేయడానికి పిలిచేవాళ్లు. దొర ఇంట్లోకి ఎప్పుడూ రానియ్యలేదు కాబట్టి వాళ్లకు తేడా తెలియదు.

సాయంత్రం తార్నాకలో బస్సు దిగిన చిన్నమ్మను కలిశాను. ఆమె ఉండేది మాణికేశ్వరీనగర్‌లో, పనిచేసేది ఒక ఆఫీసు బిల్డింగులో హౌస్‌కీపింగ్. ఛాయ్ తాగుతూ మా కొట్లాట గురించి చెప్పాను.

"నెలకొక్క రోజు జీతంతో సెలవిస్తే తీసుకుంటవా చిన్నమ్మా?"

"ఎట్ల తీసుకుంట బిడ్డా? నేను రాకపోతే నా రెండు అంతస్తుల బాత్రూంలు పక్కామె కడగాలె. రేపు ఆమె రాకపోతే నేను కడగాలె. గా సూపర్‌వైజరు మొగోడు. ఎందుకు రాలేదో గ్రూపుల పెట్టుమంటడు. పెడ్తనా?"

రెండు గంటల్లో మాలో ఒక్కరికీ తట్టని మాట ఇది. సెలవు కాగితం మీద ఉంటే చాలదు, ఆ రోజు ఆమె పని చేసే మనిషి ఉండాలి. చిన్నమ్మ ఆఫీసులో ఇరవై మంది ఆడవాళ్లు. అందరూ నెలకొక రోజు తీసుకుంటే ఇరవై పనిదినాలు. మస్టరు నెలకు 26 రోజులు. అంటే ఇరవై మందికి ఒక్క రిలీవర్ సరిపోతుంది. లెక్క కోసం రోజు కూలి 600 అనుకుందాం. ఒక్కొక్కరికి ఏడాదికి 12 రోజులకు 7,200. జీతంలో నాలుగు శాతం కూడా కాదు. అయితే ఏజెన్సీకి బిల్లు వచ్చేది హాజరును బట్టి. రాని రోజుకు బిల్లు రాదు, అందుకే మస్టరులో గీత పడుతుంది. టెండరులోనే ఆ నాలుగు శాతం రాయకపోతే ఏ చట్టం వచ్చినా కాంట్రాక్టరు దాన్ని ఆమె కూలిలోనే కోస్తాడు.

తమ్ముడి భయం ఉత్తది కాదు. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలు చేశారు, జీతం భారమంతా యజమాని మీదే పెట్టారు. ఆడమనిషిని తీసుకుంటే ఖర్చెక్కువ అనే లెక్కకు అక్కడే దారి దొరికింది. మరి ముట్టు సెలవు డబ్బు ఎక్కడి నుంచి రావాలి? ఈఎస్ఐలో 21,000 లోపు జీతమున్న ప్రతి ఒక్కరి పేరు మీద యజమాని 3.25 శాతం కడతాడు, కార్మికులు 0.75 శాతం కడతారు. ఆడా మగా తేడా లేదు. ఆ ఉమ్మడి నిధి నుంచి ఇస్తే ఆడమనిషిని తీసుకున్నందుకు ఎవరికీ అదనపు ఖర్చు పడదు. కానీ ఈఎస్ఐ జబ్బు భత్యం 70 శాతమే, డాక్టరు సర్టిఫికెట్ కావాలి, పైగా మామూలుగా మొదటి రెండు రోజులకు ఇవ్వరు. ఒక్క రోజు సెలవు అందులో ఇమడదు. ఆ నిబంధన మార్చమని అడగాలి.

కర్ణాటక 2025 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వులో నాకు నచ్చింది సర్టిఫికెట్ అడగకపోవడం, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లను కూడా చేర్చడం. బీహార్ 1992 నుంచి నెలకు రెండు రోజులు ఇస్తోంది కానీ అది ప్రభుత్వ ఉద్యోగులకే. అయితే కర్ణాటక కూడా జీతం భారాన్ని యజమాని మీదే పెట్టింది. యజమానుల సంఘాలు హైకోర్టుకు వెళ్లాయి.

రుజువు అడిగితే ఏమవుతుందో 2025 అక్టోబరులో రోహ్‌తక్‌లోని మహర్షి దయానంద్ యూనివర్సిటీలో చూశాం. ముట్టు వల్ల ఆలస్యమైందన్న పారిశుధ్య కార్మికులను ప్యాడ్ల ఫోటోలు చూపించమన్నారు. అది కూడా ఒక క్యాంపసే. అందుకే రిజిస్టరులో ముట్టు అనే మాటే ఉండొద్దని నా అభిప్రాయం. మామూలు సెలవుకు రాసే అక్షరమే రాయాలి, కారణం అడిగే హక్కు సూపర్‌వైజరుకు ఉండకూడదు.

ఖాళీ గ్లాసు పెట్టేసి చిన్నమ్మ మెల్లగా చెప్పింది, ఈ మధ్య నెత్తురు ఎక్కువ పోతోందట, గర్భసంచి తీసేయించుకుంటే పీడ పోతుందని బస్తీ ఆర్ఎంపీ అన్నాడట. "డ్యూటీ అయితే ఆగది గదా" అంది. గర్భసంచి ఆపరేషన్లలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ముందు వరుసలో చూపించేది మన రెండు తెలుగు రాష్ట్రాలనే. అది ఒక్క రోజు సెలవుతో తీరేది కాదు. బుధవారం ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఆ రోజు కూలి ఎలాగూ పోతుంది.

ఆదివారం మళ్లీ మెట్ల దగ్గర కూర్చుంటున్నాం. మీ సంస్థల హౌస్‌కీపింగ్ టెండరు కాపీలు తీసుకురండి. ప్రభుత్వ సంస్థ అయితే పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి. మనుషుల సంఖ్య రాసిన చోట రిలీవర్ అనే మాట ఉందో లేదో చూద్దాం.