పదానికి రూపాయి... ఎన్ని పదాలు?

"తమ్మీ, మన చీరల గురించి మంచిగ రాయి. వెబ్‌సైట్‌ల పెడదాం." గద్వాలలో ఒక చీరల షాపు అన్న నాకిచ్చిన వివరం మొత్తం ఇంతే. పదానికి రూపాయి అన్నా. సరే అన్నాడు. ఏం రాయాలో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

గద్వాల చీర అనగానే నాకు తెలిసిందే రాశా. చీరంతా నూలు, అంచూ కొంగూ పట్టు, మగ్గం మీదే రెండింటినీ కలపడం. చదివి, "ఇది కాదు, పెళ్లిళ్లకు కొనేటోళ్లు చూడాలె" అన్నాడు. పట్టుచీరల మీద మళ్లీ రాశా. తర్వాత "హోల్‌సేల్ వాళ్లకు కూడా" అన్నాడు. మూడోసారి! పదహారు గంటలు పోయాయి. చివరి కాపీలో ఉన్నవి 640 పదాలు, వచ్చింది 640 రూపాయలు. అంటే గంటకు నలభై. పారేసిన రెండు కాపీలకు లెక్కే లేదు.

ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. పదాల రేటు నేను ఇంగ్లిష్ రైటర్లను చూసి పెట్టుకున్నా. మన భాషలో "నేయించుకోవాలనుకుంటున్నవాళ్లకి" అన్నది ఒక్క పదం. అదే ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ఏడెనిమిది. పని అంతే, బిల్లు మాత్రం తగ్గిపోతుంది. అందుకే ఇప్పుడు అనువాదానికి మాత్రమే పదాల లెక్క. అదీ ఇంగ్లిష్ మూలంలో లెక్కపెట్టి.

తర్వాత వనపర్తిలో ఒక పల్లీనూనె గానుగాయన పిలిచాడు. ఈయనా "కొంచెం కంటెంట్" అన్నాడు. ఈసారి రేటు చెప్పలేదు. "ముందు వెయ్యి ఇవ్వండి సార్. వచ్చి కూర్చుని, ఏమేం పేజీలు కావాలో రాసిస్తా. పని నాకే ఇస్తే ఆ వెయ్యి బిల్లులో తగ్గిస్తా" అన్నా. వెళ్లి రెండే ప్రశ్నలడిగా: చదివేదెవరు? చదివాక వాళ్లు ఏం చెయ్యాలి, ఫోనా, వాట్సాప్ ఆర్డరా? అయిదు పేజీలు తేలాయి.

పేజీకి మూడు గంటల చొప్పున పదిహేను, మాటలకీ దిద్దుళ్లకీ అయిదు. మొత్తం ఇరవై గంటలు, గంటకు రెండొందలు, నాలుగువేలు. ఆయన మనసు మార్చుకునే రకంలా కనిపించాడు కాబట్టి ఇంకో వెయ్యి కలిపి అయిదువేలన్నా. సగం ముందే. దిద్దుళ్లు రెండుసార్లు. కొత్త పేజీ అయితే తొమ్మిదొందలు. ఇదంతా వాట్సాప్‌లో పెట్టి, ఆయన "ఓకే" అన్నాకే మొదలుపెట్టా.

మధ్యలో రానే వచ్చింది ఫోను: "నువ్వుల నూనె కూడా కలుపు." అది లిస్టులో లేదు సార్, తొమ్మిదొందలవుతుంది అన్నా. కాసేపాగి, "వద్దులే, తర్వాత చూద్దాం" అన్నాడు. గొడవేం లేదు.

నాగర్‌కర్నూల్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి మాత్రం ఆర్టికల్ లెక్కనే రాస్తున్నా. నెలకు నాలుగు, ఒకే సైజు, టాపిక్ వాళ్లే పంపుతారు. అక్కడ తేల్చాల్సింది ఏమీ లేదు.

మొన్న గద్వాల అన్న మళ్లీ ఫోన్ చేశాడు. "తమ్మీ, పదానికి ఇంకా రూపాయేనా?" "పదాలు లేవన్నా, ముందు వెయ్యి రూపాయలు, ఒక గంట కూర్చుందాం" అన్నా. ఆలోచించి చెప్తా అన్నాడు. ఇంకా చెప్పలేదు.