మీటరు చెప్పిన సగం నిజం

మా ఆపా లాప్‌టాప్ ఛార్జర్ తెచ్చి దుకాణంలో నా బల్ల మీద పెట్టినప్పుడు దాని పిన్ను పక్కన నల్ల టేపు మూడు చుట్లు ఉంది. "జర చూడు బాబూ, ఒక్కోసారి ఎక్కుతుంది, ఒక్కోసారి ఎక్కదు. వైరు కొంచెం వంచి పెడితే బిల్కుల్ ఠీక్" అంది. ఆపా పొద్దున బడిలో పాఠం చెప్పి, రాత్రి పిల్లలకు ఆన్‌లైన్ ట్యూషన్ చెబుతుంది. లాప్‌టాప్ ఆగితే ఆ నెల ఫీజులు ఆగినట్టే. ఆమె పరేషానీ నాకు తెలుసు.

నేను మీటరు తీశాను. ఛార్జర్ మీద 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అని రాసి ఉంది. మీటరు 19.1 చూపించింది. వైరు అటూ ఇటూ కదిపాను. అంకె కదల్లేదు. "ఆపా, ఛార్జర్ బాగానే ఉంది. లాప్‌టాప్ సాకెట్ వదులై ఉంటుంది, వచ్చే వారం చూద్దాం" అన్నాను. ఆమె తసల్లీగా వెళ్లిపోయింది. అదీ నా గల్తీ.

నాలుగో రోజు రాత్రి ట్యూషన్ అయిపోయాక లాప్‌టాప్‌ను మంచం మీదే ఛార్జింగ్‌కి పెట్టి ఆపా వంటింట్లోకి వెళ్లింది. పక్కన నా భాంజీ నిద్రపోతోంది. ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చి ఆపా పరిగెత్తింది. ముందు గోడ స్విచ్ ఆపింది, తర్వాత పిన్ను లాగింది. టేపు కరిగి చాదర్‌కి అతుక్కుంది. కింద పావలా అంత గోధుమరంగు మచ్చ. పాప అరచేయి దానికి రెండంగుళాల దూరంలో ఉంది. పాప నిద్ర లేవను కూడా లేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర రాలేదు.

మర్నాడు ఆ ఛార్జర్‌ను అబ్బా ముందు పెట్టాను. అబ్బా నలభై ఏళ్లు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసిన మనిషి. ఇప్పుడు చూపు తగ్గి దుకాణంలో ఊరికే కూర్చుంటారు. "మీటరు 19 చూపించింది అబ్బా" అన్నాను. ఆయన నవ్వలేదు. "బస్తా ఎత్తించకుండా హమాలీ బలం ఎట్లా తెలుస్తుంది బేటా?" అన్నారు.

ఆ మాటలోనే అసలు సంగతంతా ఉంది.

ముందు వైరు లోపల ఏముందో చూద్దాం. చాలా ఛార్జర్లలో పిన్ను వైపు వెళ్లే సన్న కేబుల్లో రెండు వైర్లు పక్కపక్కన ఉండవు. మధ్యలో సన్నని రాగి పోగుల కట్ట, దాని మీద ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగు చుట్టూ ఇంకో రాగి పోగుల వల, అన్నిటి మీద నల్ల రబ్బరు. మధ్య కట్ట ప్లస్, చుట్టూ ఉన్న వల మైనస్. పిన్ను దగ్గర గట్టి ప్లాస్టిక్ ముగిసి మెత్తని కేబుల్ మొదలయ్యే చోటే ఎప్పుడూ వంగుతుంది. మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుంటే పిన్ను తకియాకు ఆనుకుని ఇంకా వంగుతుంది. ఇనుప తీగను ఒకేచోట వంచుతూ పోతే ఎలా పెళుసై తెగుతుందో, ఈ రాగి పోగులూ అలాగే ఒక్కొక్కటిగా తెగుతాయి. ఒకరోజు అన్నీ కలిసి తెగవు. నలభై పోగుల పని నాలుగు పోగుల మీద పడే రోజు వస్తుంది.

ఆ నాలుగు పోగుల మీదుగా కూడా వోల్టేజి వస్తుంది. మీటరు లాగే కరెంటు దాదాపు శూన్యం కాబట్టి, ఒక్క పోగు మిగిలినా అది 19 చూపిస్తుంది. బీప్ వచ్చే మోడ్‌లో పెట్టినా అంతే. కొన్ని పదుల ఓముల అడ్డంకి ఉన్నా చౌక మీటర్లు బీప్ కొడతాయి. ఓములు కొలుద్దామంటే మీటరు తీగలకే పావు ఓమో, అర ఓమో ఉంటుంది. మనం పట్టుకోవాల్సిన తప్పు కూడా అంతే ఉంటుంది. అంటే మీటరు అబద్ధం చెప్పలేదు. అడిగిన దానికే జవాబిచ్చింది. నేను అడగాల్సింది అడగలేదు.

అబ్బా ఆ సవాల్‌ను ఎలా అడిగారో చెబుతాను. పాత లాప్‌టాప్ నుంచి తీసిన ఛార్జింగ్ సాకెట్‌కి కారు ఇండికేటర్ బల్బులు రెండు, 12 వోల్టుల 21 వాట్లవి, ఒకదాని వెనక ఒకటి కలిపించారు. ఒక్క బల్బయితే 19 వోల్టులకి మాడిపోతుంది. రెండూ వరసలో ఉంటే పంచుకుంటాయి, సుమారు ఒకటిన్నర ఆంపియర్ లాగుతాయి. ముందు దుకాణంలోని మంచి ఛార్జర్ గుచ్చాం. 19.1 ఉన్నది 18.9కి దిగి అక్కడే నిలిచింది. తర్వాత ఆపా ఛార్జర్. 19.1 నుంచి 17.6కి పడింది. పిన్ను దగ్గర వంచితే 15కి జారి, బల్బులు మిణుకుమన్నాయి.

లెక్క చాలా సులువు. ఒకటిన్నర ఆంపియర్‌కి ఒకటిన్నర వోల్టు పోయిందంటే దారిలో ఒక ఓము అడ్డంకి ఉందన్నమాట. బ్యాటరీ బాగా దిగిన లాప్‌టాప్ దాదాపు పూర్తి 3.42 ఆంపియర్లు లాగుతుంది. 3.42ని 3.42తో, మళ్లీ ఆ ఒక ఓముతో గుణిస్తే 11.7 వాట్లు. మా దుకాణంలో చిన్న సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాదాపు సగం సాల్డరింగ్ ఐరన్ నా భాంజీ చేతి పక్కన, చాదర్ మీద ఉందన్నమాట. అడాప్టర్ ఎందుకు ఆగలేదని ఆపా అడిగింది. లోపలి కట్టా పైన వలా తగిలి షార్ట్ అయితే అడాప్టర్ తనంతట తానే ఆగిపోయేది. ఇక్కడ కరెంటు హద్దు దాటలేదు. అడాప్టర్ లెక్కలో లాప్‌టాప్ మామూలుగా తింటోంది, అంతే.

ఇంట్లో మీరు బల్బుల పని చేయనక్కర్లేదు. ముందు గోడ ప్లగ్గు తీసి, వెలుతురులో పిన్ను దగ్గర చూడండి. రాగి కనిపించినా, రబ్బరు గోధుమరంగుకి మారినా, మెత్తబడి ఉబ్బినా, వాసన వచ్చినా ఇక పరీక్ష అక్కర్లేదు. ఆ ఛార్జర్ పని ఖతం. పైకి ఏమీ లేకపోతే, బ్యాటరీ సగం కంటే కింద ఉన్నప్పుడు లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి ఛార్జింగ్ పెట్టండి. పది నిమిషాల తర్వాత పిన్ను దగ్గరి కేబుల్‌ని, ఒక మూర వెనక కేబుల్‌ని పట్టి చూడండి. పిన్ను పక్కన మాత్రమే వేడిగా ఉంటే తప్పు అక్కడే. బ్యాటరీ నిండినప్పుడు ఈ పరీక్ష పనికిరాదు, అప్పుడు కరెంటు తక్కువ లాగుతుంది.

విండోస్ ఉన్నవాళ్లకి ఇంకో గవాహీ ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
powercfg /batteryreport
```

ఫైలు ఎక్కడ దాచిందో తెర మీదే చెబుతుంది. దాన్ని తెరిచి Recent usage అన్న పట్టిక చూడండి. మీరు ప్లగ్గు తీయకుండానే AC, Battery, మళ్లీ AC అని నిమిషాల తేడాతో మారుతూ ఉంటే లోపల పోగులు తెగి అతుకుతున్నట్టు. ఆపా రిపోర్టులో ఒక సాయంత్రం పదకొండు సార్లు అలా ఉంది. సాకెట్ వదులైనా ఇలాగే కనిపిస్తుంది. వేడి ఎక్కడుందో చూస్తే ఏది తప్పో తేలుతుంది.

మీటరు పెట్టేవాళ్లకి మూడు మాటలు. ఎర్ర తీగ ఎప్పుడూ వోల్టుల రంధ్రంలోనే ఉండాలి. 10 ఆంపియర్ల రంధ్రంలో ఉంటే ఛార్జర్‌ని మీరే షార్ట్ చేసినట్టు. డయల్ డీసీ 200 మీద పెట్టండి. 20 మీద పెడితే 20 వోల్టులు దాటిన ఛార్జర్లకి అంకె రాదు. పిన్ను మధ్యలో సూదిలాంటి సన్న ముల్లు ఉంటే దాన్ని ముట్టొద్దు. అది లాప్‌టాప్‌తో మాట్లాడే తీగ, వంగితే ఛార్జర్ పోయినట్టే. అలాంటి వాటిలో ప్లస్ సాధారణంగా గొట్టం లోపలి గోడకి ఉంటుంది. 19 వోల్టులు షాక్ కొట్టవు. కానీ అడాప్టర్ డబ్బాని ఎవరూ విప్పొద్దు. 230 వోల్టుల కరెంటు లోపల 325 వోల్టుల డీసీగా నిల్వ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ఉండొచ్చు.

ఇక మార్చడం. టేపు తెగిన పోగుల్ని అతకదు, పైగా వేడిని లోపలే దాస్తుంది. పిన్నుతో కూడిన కొత్త కేబుల్ విడిగా దొరుకుతుంది. తెలిసిన మెకానిక్ దెబ్బతిన్న చోటికి బాగా వెనక, రాగి మెరుస్తున్న దగ్గర కోసి, ప్లస్‌కీ మైనస్‌కీ అతుకులు ఎదురెదురు పడకుండా టంకం వేసి, స్లీవు తొడిగితే అది నిలుస్తుంది. వేసి ఇచ్చేముందు బల్బుల మీద పెట్టి చూపించమనండి. రబ్బరు అంతటా బిరుసెక్కిన పాత ఛార్జర్‌కి మాత్రం ఆ ఖర్చు దండగ.

కొత్తది కొంటే వోల్టులు అదే అంకె ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, లేదా ఎక్కువ. ఎక్కువైతే నష్టం లేదు, లాప్‌టాప్ తనకి కావలసినంతే లాగుతుంది. తక్కువైతే అడాప్టర్ అతిగా వేడెక్కొచ్చు. పిన్ను లావు, మధ్య ముల్లు, ప్లస్ మైనస్ బొమ్మ పాతదానితో కలవాలి. లేబుల్ మీద R- తో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ పేరు మీద ఉందో వస్తుంది. లేబుల్ మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు వస్తే దుకాణదారుకి తిరిగి ఇచ్చేయండి. మీ లాప్‌టాప్ టైప్-సీ ద్వారా ఛార్జ్ అయ్యే రకమైతే ఇంకో ఫాయిదా ఉంది. కేబుల్ రెండు వైపులా ఊడే ఛార్జర్ తీసుకుంటే, అది పోయినప్పుడు దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు.

ఆపాకి కొత్తదే కొన్నాను, డబ్బులు తీసుకోలేదు. పాతదాన్ని పారేయలేదు. మాడిన పిన్నుతోనే దుకాణంలో నా బల్ల మీద మేకుకి వేలాడుతోంది. ఇప్పుడు ఎవరైనా "వైరు కొంచెం వంచి పెడితే ఠీక్" అంటే మీటరు ముందు తీయను. ఆ రెండు బల్బులు తీస్తాను.