నిండు బిందెతో కొండ దిగడం

ముప్ఫై ఏళ్లుగా గేర్ల కారు నడుపుతున్నవాణ్ణి. కొండ దారిలో నాకు తెలిసిన సూత్రం ఒకటే: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుకు పని తగ్గుతుంది. కిందటి సంక్రాంతికి మా మేనల్లుడు తన కరెంటు కారు తాళం నా చేతికిచ్చినప్పుడు, గేర్లే లేని బండిలో ఆ సూత్రం ఏమవుతుందన్న ఆలోచన నాకు రాలేదు.

వాడు మొదట నన్ను కోయంబత్తూరు శివార్లలో ఒక ఖాళీ లేఅవుటుకు తీసుకుపోయాడు. "మామా, ముప్ఫైలో పోతూ యాక్సిలరేటరు మీంచి కాలు తీసి చూడండి" అన్నాడు. తీశానో లేదో, వెనకనుంచి ఎవరో చొక్కా పట్టి లాగినట్టు కారు ఆగబోయింది. వెనక కూర్చున్న మా ఆవిడ ముందు సీటుకు కొట్టుకున్నంత పని అయింది. మోటారుకు కరెంటిస్తే చక్రం తిరుగుతుంది. కాలు తీస్తే చక్రమే మోటారును తిప్పుతుంది, అది డైనమోలా మారి బ్యాటరీకి కరెంటు పంపుతుంది. సైకిలు చక్రానికి డైనమో ఆనించి తొక్కినవారికి ఆ బరువు ఎలాంటిదో తెలుసు.

ఓ గంటలో కాలు చెప్పిన మాట వినడం మొదలుపెట్టింది. ఈ బండిలో కాలు ఒక్కసారిగా ఎత్తకూడదు, కొద్దికొద్దిగా సడలించాలి. ఒక రాయిని గుర్తు పెట్టుకుని, బ్రేకు తొక్కకుండా దాని దగ్గరకు వచ్చేసరికి వేగం తగ్గేలా పదిసార్లు నడిపాను. వాడి కారు మనిషి నడిచే వేగం దాకానే తగ్గుతుంది. ఆఖరి నాలుగు గజాలు బ్రేకు తొక్కాల్సిందే. కొన్ని కార్లు పూర్తిగా ఆగి నిలబడతాయట. మీది ఏ రకమో గోడ ముందు కాదు, ఖాళీ స్థలంలో తెలుసుకోవాలి. కాలు ఎత్తినప్పుడు వెనక ఎర్రదీపాలు వెలుగుతున్నాయో లేదో కూడా మా ఆవిణ్ణి పక్కన నిలబెట్టి చూడమన్నాను. కాలు బాగా ఎత్తితే వెలిగాయి, కొంచెం సడలిస్తే వెలగలేదు. అంటే మనం నెమ్మదిస్తున్నామని వెనక లారీవాడికి అన్నివేళలా తెలియదన్నమాట.

నాలుగో రోజు కూనూరు వెళ్లాం. రాత్రి బసలో చార్జింగు పెట్టి, పొద్దున నూటికి నూరు చూసుకుని సంతోషంగా మేట్టుపాళయం వైపు దిగడం మొదలుపెట్టాను. మొదటి మలుపు ముందు అలవాటుగా కాలు తీశాను. కారు ఆగలేదు సరికదా, వేగం పెరిగింది! ఒక్క క్షణం నా కాలికి ఏం చేయాలో తోచలేదు. నాలుగు రోజుల్లో అది బ్రేకును మరిచిపోయింది. తొక్కాను. బ్రేకు మామూలుగానే పట్టింది. కానీ గుండె దడ తగ్గడానికి కాస్త సేపు పట్టింది.

పక్కకు తీసి ఆపాక మేనల్లుడు తల పట్టుకున్నాడు. "తప్పు నాదే మామా. నిండిన బిందెలో ఇంకా నీళ్లు పోస్తే ఎక్కడికి పోతాయి?" బ్యాటరీ నిండి ఉంటే కరెంటును తీసుకోదు, తీసుకోకపోతే మోటారు బండిని పట్టి ఉంచదు. చలికి బ్యాటరీ బాగా చల్లబడినా ఈ పట్టు తగ్గుతుందట. కొన్ని కార్లు అలాంటప్పుడు మామూలు బ్రేకును తామే కలిపి ఆ లోటు తెలియనివ్వవు. మాది అలాంటిది కాదు.

అక్కడే కాగితం మీద లెక్క వేశాం. కారూ మేమూ కలిసి 1,700 కిలోలు, దిగాల్సిన ఎత్తు దాదాపు 1,500 మీటర్లు. ఆ దిగుడులో దాదాపు 7 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. టైర్ల రాపిడికీ గాలికీ 2 యూనిట్లు పోయినా, మిగిలిన 5 యూనిట్లూ బ్యాటరీ పుచ్చుకోకపోతే బ్రేకుల్లో వేడిగా మారాల్సిందే. ఎడతెగకుండా తొక్కిపెడితే బ్రేకులు కాలి పట్టు తప్పుతాయి. అందుకే పాతికా ముప్ఫై వేగంలో, గట్టిగా తొక్కి వదులుతూ, మధ్యలో రెండుసార్లు ఆగి బ్రేకులు చల్లారనిచ్చి దిగాం. కిందికి చేరేసరికి మాడు వాసన ఇంకా కొంచెం వస్తూనే ఉంది.

మార్చిలో మళ్లీ వెళ్లాం. ఈసారి కొండమీద ఎనభైకి చార్జింగు ఆపేశాను. మొదటి మలుపు రాకముందే, తిన్నని దారిలో ఒకసారి కాలు ఎత్తి, కారు వెనక్కి లాగుతోందని రూఢి చేసుకున్నాకే ముందుకు పోయాను. మేట్టుపాళయం చేరేసరికి మీటరు ఎనభై ఎనిమిది చూపించింది. దారంతా బ్రేకు తొక్కింది తక్కువే. కానీ ప్రతి మలుపు ముందూ కాలు బ్రేకు మీదికి తెచ్చి, తాకించి, మళ్లీ తీశాను. ఎందుకంటే ఆ దారి ఉందని కాలు మరిచిపోకూడదు.