పినాకినిలో వెళ్లి, కారులో వచ్చి

2025 ఫిబ్రవరిలో ఓ తెల్లవారుజామున విజయవాడలో పినాకిని ఎక్కాను. నా సామానల్లా ఒక చేతిసంచి, ఒక టార్చిలైటు, ఫోనులో ఇరవై రెండు పేజీల రిపోర్టు. చెన్నైలో కారు కొనడానికి వెళుతున్నాను. ఆ కారును అప్పటికి ఫొటోల్లోనూ రెండు వీడియో కాల్స్‌లోనూ తప్ప చూడలేదు. "పెళ్లిచూపులు ఫోన్లో కానిచ్చేసి ముహూర్తానికి వెళుతున్నారన్నమాట" అంది మా ఆవిడ, ప్లాట్‌ఫారం మీద నిలబడి.

చెన్నై దాకా ఎందుకంటే, మా పాత కారు 2024 సెప్టెంబర్ 1న సింగ్‌నగర్‌లో బుడమేరు పాలైంది. ఆ తర్వాత మా ఊళ్లో ఎవరు సెకండ్‌హ్యాండ్ కారు చూపించినా ఇదీ మునిగిందేనేమో అని అనుమానం. అందుకని చెన్నైలో వెతికాను. అక్కడా 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్లికరణై వైపు కార్లు నీళ్లలో తేలాయని నాకు గుర్తు రావడానికి కొంచెం టైం పట్టింది.

రైల్లో నేను చదువుకుంటూ వెళ్లింది రెండో కారు రిపోర్టు. మొదటిది వేళచ్చేరిలోనే ఉండేది. ఫొటోల్లో పెళ్లికొడుకులా మెరుస్తోంది. వీడియో కాల్‌లో ఓనరు చుట్టూ తిప్పి చూపించాడు, ఇంజిన్ వినిపించాడు, కొత్త సీటు కవర్లు చూపించి మురిసిపోయాడు. 1,800 రూపాయలు కట్టి ఒక ఇన్‌స్పెక్షన్ సర్వీసు నుంచి మనిషిని పంపించాను. వాళ్ల షీటులో ఉన్నవి కాక నావి మూడు పనులు అడిగాను: సీటు బెల్టు చివరిదాకా లాగాలి, కాళ్ల కింద కార్పెట్ ఎత్తి సీటు బోల్టులు చూడాలి, స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టాలి. ఇవి నాకు ఎవరూ నేర్పలేదు. మా మునిగిన కారు నేర్పింది.

బెల్టును మనం రోజూ ఛాతీ దాకానే లాగుతాం. చివరి మూరెడు లోపలి చక్రానికే చుట్టుకుని ఉండిపోతుంది. కడిగేవాడు కూడా అంతదాకా లాగడు. ఆ కుర్రాడు వీడియోలో లాగుతూ ఉంటే నల్లటి బెల్టు నల్లగానే వచ్చి వచ్చి, చివర్లో మట్టిరంగుకు తిరిగింది. అడ్డంగా గీత గీసినట్టు మరక. సీటు బోల్టులకు తుప్పు. స్టెప్నీ గుంట మూలలో మైదాపిండి లాంటి మెత్తటి ఒండ్రు. వాన నీళ్లు కారితే తడి ఉంటుంది గానీ ఒండ్రు ఉండదు. "సార్, వాసన కూడా వస్తోంది సార్, అద్దాలు మూసి కూర్చుంటే తెలుస్తోంది" అన్నాడు అతను తమిళయాస తెలుగులో. ఫోన్లో రానిది అదొక్కటే. నేను 1,800 కట్టింది ఒక రకంగా అతని ముక్కుకే. నేను అడగకపోతే ఆ రిపోర్టులో "సీటు బెల్టులు: పనిచేస్తున్నాయి" అని టిక్కు పడేది, అదీ నిజమే. వాళ్లు ఉండేది గంట, గంటన్నర. ఏదీ ఊడదీయరు. షీటులో ఉన్నదే చూస్తారు.

రెండోది అన్నానగర్‌లో, 2019 వ్యాగన్ఆర్, పెట్రోలు, 41 వేల కిలోమీటర్లు. ఓనరు బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఈసారి ఉదయం ఏడింటికే మనిషిని పంపించి, ఆయన్ను బండి ముందుగా స్టార్టు చేయొద్దని బతిమాలాను. వేడెక్కిన ఇంజిను చాలా రోగాలు దాచుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడే గొలుసు చప్పుడు, నీలిపొగ బయటపడతాయి. వచ్చినతను ముందు బానెట్ మీద చెయ్యి వేసి, చల్లగా ఉందని చెప్పి, అప్పుడు తాళం తిప్పాడు. పొగ లేదు.

తర్వాత పెయింటు మందం కొలిచే మీటరు పెట్టాడు. బండి అంతటా 100 నుంచి 130 మైక్రాన్లు చూపించింది, ఎడమవైపు వెనక తలుపు మాత్రం 280. గుండె జారింది. కంపెనీ పెయింటు మీద మళ్లీ పెయింటు వేస్తే ఇంచుమించు రెండింతలు చూపిస్తుందట, లోపల లప్పం నింపి ఉంటే ఇంకా చాలా పైకి పోతుందట. తలుపు బోల్టుల మీద పెయింటు చిట్లలేదు, పక్కనున్న పిల్లరు మామూలుగానే ఉంది. అంటే గీత పడితే రంగు వేయించారు, గుద్దుకున్న బండి కాదు. పెద్దాయనను అడిగితే "మా ఇంటి గేటుకే రాసుకుంది" అని ఒప్పుకున్నారు. టైర్ల మీద చివరి నాలుగంకెలు 2219. అంటే 2019లో 22వ వారంలో తయారైనవి. గాట్లు బాగానే ఉన్నా వయసు అయిపోయింది. వాటి పేరు చెప్పి 15 వేలు తగ్గించుకుని 3 లక్షల 95 వేలకు ఖాయం చేశాను.

అయితే అసలు చిక్కు బండిలో లేదు. ఇన్‌స్పెక్షన్ వాళ్లు కాగితాల జోలికి పోలేదు. నేనే ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి చూస్తే అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు ఇంకా ఉంది. పెద్దాయన అప్పు ఎప్పుడో తీర్చేశారు గానీ ఆర్‌సీలో ఆ పేరు కొట్టేయించలేదు. బ్యాంకులో పనిచేసిన మనిషే! దానికి ఫారం 35, బ్యాంకు లెటరు పెట్టాలి. ఆ తర్వాతే బండి రాష్ట్రం దాటడానికి అక్కడి ఆర్టీవో ఫారం 28 మీద ఎన్‌వోసీ ఇస్తారు. పది వేలు అడ్వాన్సు పంపి, మిగతాది ఎన్‌వోసీ చూశాకే అన్నాను. మూడు వారాలు పట్టింది. ఆయన కాస్త నొచ్చుకున్నారు, కానీ తిరిగారు.

చెన్నైలో దిగి అన్నానగర్ చేరేసరికి ఎండ వాలుతోంది. పెద్దాయన భార్య ఫిల్టరు కాఫీ ఇచ్చింది. నేను టార్చి తీసి ఛాసిస్ నంబరు ఒక్కొక్క అంకె చదువుతుంటే ఆయన ఆర్‌సీ పట్టుకుని సరిచూశారు. డ్యాష్‌బోర్డు మీద విభూతి డబ్బీ ఉంది. అది ఏ ఫొటోలోనూ కనబడలేదు. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక, బండి అప్పగించినట్టు తేదీతో పాటు గంట కూడా వేసి చెరొక కాగితం రాసుకున్నాం. ఆ గంట దాటాక చలానా పడితే నాది, ముందుది ఆయనది.

మర్నాడు టైర్లు నాలుగూ మార్పించాకే రోడ్డెక్కాను. రెడ్‌హిల్స్ దాటాక దారి తేలికైంది. తడ దగ్గర తెలుగు బోర్డులు కనిపించగానే, ఎందుకో, ఒక టీ తాగాలనిపించింది. ఎంత ఆనందంగా ఉన్నా బండి 80 దాటించలేదు. ఇన్సూరెన్సు ఇంకా ఆయన పేరునే ఉంది. నావల్ల ఎదుటివాళ్లకు నష్టమైతే పాలసీ చూసుకుంటుంది గానీ, నా బండికి దెబ్బ తగిలితే నాకు పైసా రాదు. పేరు మార్పించుకోవడానికి పద్నాలుగు రోజులు గడువుంది, కానీ ఆ 450 కిలోమీటర్లూ ఆ గడువులో మొదటి రోజే.

అద్దం మీద ఫాస్టాగ్ కూడా ఆయనదే. తీసేయడం ఇద్దరం మరిచిపోయాం. నెల్లూరు ముందు టోలు దాటగానే ఆయన ఫోను: "వెంకటాచలం దాటినట్టున్నారే, మెసేజీ వచ్చింది." ఒంగోలు ముందు టంగుటూరు దగ్గర మళ్లీ చేసి "భోంచేశారా?" అని అడిగారు. చిలకలూరిపేట దాటాక చీకటి పడింది. మంగళగిరి దగ్గర కాజా టోలుకు మాత్రం ఫోను చేయలేదు, పడుకుని ఉంటారు.

ఇల్లు చేరాక టోళ్ల డబ్బంతా లెక్క వేసి ఆయన ఖాతాకు పంపాను. మర్నాడు పొద్దున్నే ట్యాగు గీకి తీసేశాను. విభూతి డబ్బీ అక్కడే ఉంది.